క్వారీ రిపోర్టు సారాంశం ఊరివాళ్ళకి అర్థమయ్యేలా తిరగరాయడం ఎలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను చిన్న కన్సల్టెన్సీలో పనిచేస్తున్నా. కొత్తగా రాబోయే ఒక రాళ్ళ క్వారీ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు, దానికి ముందు 18 పేజీల పర్యావరణ ప్రభావ సారాంశాన్ని చుట్టుపక్కల ఉండేవాళ్ళకి అర్థమయ్యేలా మళ్ళీ రాయమని నాకు ఇచ్చారు. కష్టమైన మాటలన్నీ తీసేసి తేలిక మాటలు పెట్టా. చదివినవాళ్ళు బాగుంది అన్నారు గానీ ఏం అర్థమైందని అడిగితే ఏమీ చెప్పలేకపోయారు. ఉన్నదున్నట్టు రాస్తే జనాన్ని భయపెడుతున్నావని మా బాస్ అంటారు, మెత్తగా రాస్తే దాచిపెట్టారని రేపు సభలో జనం అంటారు. అభ్యంతరాల సంగతి కూడా ఎంతవరకు రాయాలో తెలీట్లేదు. కొన్ని పేజీలు జత చేస్తున్నా, చూసి చెప్పగలరు.

జవాబు:

మీరు పంపిన పేజీలు చూశానండీ. మాటలు మార్చడం వరకు మీరు బానే చేశారు, "ఉపశమన చర్యలు" తీసేసి "నష్టం తగ్గించే పనులు" అన్నారు, "పరివేష్టిత వాయు నాణ్యత"ని "చుట్టూ ఉన్న గాలి" చేశారు, అవన్నీ ఉంచేయండి. కానీ వాక్యం మాత్రం ఇంకా క్వారీ గట్టు మీద నిలబడి ఊరి వైపు చూస్తున్నట్టే ఉంది, అంటే క్వారీ ఏం వదులుతుంది, ఎంత వదులుతుంది, లిమిట్ ఎంత, లోపలే ఉందా లేదా అన్నదే ఉంది. చదివేవాళ్ళకి కావాల్సింది మా గుమ్మం ముందు ఏం మారుతుంది, మా బావిలో ఏం మారుతుంది, ఎప్పటి నుంచి, దాని మీద మేం ఏం అడగొచ్చు అని. అందుకే చదివి బాగుంది అన్నారు, తర్వాత ఏమీ చెప్పలేకపోయారు, వాళ్ళకి పట్టుకోడానికి ఏమీ దొరకలేదు మరి.

లారీల పేరా తీసుకుందాం, అది అన్నిటికంటే తేలిక. మీ డ్రాఫ్ట్‌లో "రోడ్డు మీద రద్దీ కొద్దిగా పెరుగుతుంది, అయినా రోడ్డు సామర్థ్యం లోపలే ఉంటుంది" అని ఉంది. మూల రిపోర్టులో అయితే రద్దీకి, సామర్థ్యానికి నిష్పత్తి, రోడ్డు సేవా స్థాయి "బి" అని ఇచ్చారు. ఆ లెక్క తప్పు కాదు, కాకపోతే అది రోడ్డు వేసే ఇంజనీరుకి కావాల్సిన లెక్క, రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్ళకి దానితో పనిలేదు. వాళ్ళకి కావాల్సిన లెక్క రిపోర్టులో ఎక్కడా లేదు గానీ దానికి కావాల్సిన అంకెలు దాదాపు అన్నీ ఉన్నాయి. ఏడాదికి 5 లక్షల టన్నులు, 300 పనిదినాలు అంటే రోజుకి సుమారు 1,667 టన్నులు, లారీకి 20 టన్నులు వేసుకుంటే 83 లోడ్లు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, 83 అని రాసేస్తారు. కానీ ప్రతి లారీ ఖాళీగా వస్తుంది, నిండుగా పోతుంది, కాబట్టి గుమ్మం ముందు నుంచి పోయేవి 166. పని పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా, అంటే 10 గంటలు, కాబట్టి మూడున్నర నిమిషాలకి ఒక లారీ పోతుంది. ఇప్పుడు ఇలా రాయండి:

"క్వారీ పూర్తిగా నడిచే రోజుల్లో ఈ రోడ్డు మీద పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా సుమారు మూడున్నర నిమిషాలకి ఒక లారీ పోతుంది (రానూపోనూ కలిపి రోజుకి 166). ఈ రోడ్డు ఇంత రద్దీని తట్టుకోగలదని రిపోర్టు చెబుతోంది. స్కూలు వదిలే సమయంలో లారీలు ఆపుతారా లేదా అన్నది రిపోర్టులో లేదు."

చూడండి, ఇందులో భయపెట్టే మాట ఒక్కటి కూడా లేదు, రోడ్డు తట్టుకుంటుందన్న మాట కూడా తీసేయలేదు. మీ బాస్‌కి ఇదే చూపించండి. భయపెట్టడం అంటే "లారీల బీభత్సం" అని రాయడం, దాచడం అంటే "కొద్దిగా పెరుగుతుంది" అని రాయడం, రెంటిలోనూ ఉన్నది మన అభిప్రాయమే. మూడున్నర నిమిషాలకి ఒకటి అన్నది రిపోర్టు అంకెల్లోంచి కట్టిన లెక్క, అందులో మన అభిప్రాయం ఏమీ లేదు. ఒక చిన్న జాగ్రత్త, ఇలాంటి లెక్క మీరు సొంతంగా కట్టినప్పుడు రిపోర్టు రాసినవాళ్ళకి పంపించి, లారీకి 20 టన్నులు అనుకున్నది కరెక్టేనా, అన్ని లారీలూ ఈ రోడ్డు మీదే పోతాయా అని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. నేను ఒకసారి అడక్కుండా రాసేశా, తీరా సభ రోజు సగం లారీలు వేరే రోడ్డున పోతాయని కంపెనీవాళ్ళు లేచి చెప్పారు, నా కాగితం మీద నమ్మకం అక్కడితో సరి.

చప్పుడు దగ్గర ఇంకో రకం గొయ్యి ఉంది. రిపోర్టులో రోడ్డుకి కాస్త లోపలున్న ఇంటి దగ్గర ఇప్పుడు 46 డెసిబెల్స్, క్వారీ వచ్చాక 52, లిమిట్ 55 అని ఉంది, మీరు దాన్ని "చప్పుడు 13 శాతం పెరుగుతుంది" అని మార్చారు. నేనూ మొదట్లో ఇదే చేసేదాన్ని, అందుకే చూడగానే పట్టేశా. డెసిబెల్స్‌కి శాతం కట్టకూడదండీ. ఆ కొలత మామూలు కూడికల్లా నడవదు, 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అవుతుంది, 6 పెరిగితే సుమారు నాలుగు రెట్లు. అలాగని "నాలుగు రెట్లు" అని రాసినా తప్పుదారే, ఎందుకంటే చెవికి అది నాలుగు రెట్లుగా వినపడదు, చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 పెరగాలి. "తేడా స్పష్టంగా తెలుస్తుంది" అని రాయడమే నిజానికి దగ్గర.

దానికంటే పెద్ద సంగతి ఏంటంటే ఆ 52 అనేది పగటి లెక్కలోకి వచ్చే 16 గంటలూ కలిపి తీసిన సగటు. లారీ పోయేటప్పుడు ఒక 10 సెకన్లు 66 డెసిబెల్స్ ఉండి మిగతా టైమంతా 46 ఉన్నా, రోజుకి 166 సార్లు అలా జరిగితే 16 గంటల సగటు సరిగ్గా 52 దగ్గరే తేలుతుంది, నేను కట్టి చూశాను. అంటే 52 అనే చప్పుడు ఆ ఇంట్లో నిజానికి ఎప్పుడూ వినపడకపోవచ్చు, వినపడేది 46, 66, మళ్ళీ 46. కాబట్టి "సగటున 52, ఇది లిమిట్ లోపలే, లారీ పోయే కొన్ని సెకన్లు మాత్రం ఇంతకంటే బాగా ఎక్కువ" అని రాసి, ఆ "బాగా ఎక్కువ" ఎంతో గరిష్ఠం అంకె రిపోర్టు అనుబంధంలో ఉంటే అది వెయ్యండి, లేకపోతే "ఒక్కో లారీ పోయేటప్పుడు ఎంత ఉంటుందో ఈ రిపోర్టు చెప్పలేదు" అని వెయ్యండి. పేలుళ్ళ సంగతి కూడా అంతే, సగటులో కలిపేయకుండా వారానికి ఎన్నిసార్లు, ఏ టైములో, ముందు సైరన్ కొడతారా అన్నది విడిగా చెప్పాలి.

దుమ్ము గురించి ఎక్కువ చెప్పను, ఒకటే గుర్తుంచుకోండి, క్వారీ కలిపే దుమ్ము ఒక్కటే రాస్తే చిన్నదిగా కనపడుతుంది, ఇప్పటికే గాలిలో ఉన్నది దానికి కలిపి మొత్తం ఎంతవుతుందో రాయండి, అంకెలు ఏ కాలంలో కొలిచారో కూడా రాయండి.

ఇక నీళ్ళు. అసలు గొడవ అంతా ఇక్కడే వస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మీ సారాంశంలో ఒకే ఒక్క వాక్యం ఉంది, "500 మీటర్ల పరిధిలో భూగర్భ జలమట్టం గరిష్ఠంగా 1.8 మీటర్లు తగ్గవచ్చు, ప్రభావం స్వల్పం" అని. ముందు ఇది ఎందుకు జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పాలి, అది చెప్పకపోతే రాళ్ళు తవ్వితే నీళ్ళకేంటి సంబంధం అనుకుంటారు. క్వారీ కోసం తవ్వే గుంత, నేలలో ఉన్న నీటి మట్టం కంటే కిందకి వెళ్ళాక చుట్టూ ఉన్న రాతి పగుళ్ళలోంచి నీళ్ళు గుంతలోకి ఊరతాయి, ఆ నీళ్ళు తోడెయ్యకపోతే పని నడవదు, తోడేకొద్దీ చుట్టుపక్కల భూమిలో నీళ్ళు గుంత వైపు జారతాయి, దగ్గర బావుల్లో ఎక్కువ దిగుతుంది, దూరం పోయేకొద్దీ తక్కువ. అంతే విషయం.

ఇప్పుడు "1.8 మీటర్లు" సంగతి. రిపోర్టు ప్రకారం అది స్వల్పం, ఎందుకంటే వాళ్ళు దాన్ని మొత్తం నీటి పొర లోతుతో పోల్చారు. బావి ఉన్న మనిషి పోల్చుకునేది అలా కాదు కదా, ఎండాకాలం చివర్లో తన బావిలో ఎన్ని నీళ్ళు మిగులుతాయో దానితో పోల్చుకుంటాడు. ఆ టైముకి బావిలో 3 మీటర్ల నీళ్ళు ఉంటాయనుకోండి, 1.8 పోతే 1.2 మీటర్లు మిగులుతాయి, సగం కంటే తక్కువ. పైగా మీరు పంపిన అనుబంధం చూస్తే 1.8 గరిష్ఠం కాదు, అది మధ్య అంచనా. రాతి పగుళ్ళలో నీళ్ళు ఎంత సులువుగా కదులుతాయన్నదాన్ని బట్టి 1.2 నుంచి 2.6 దాకా లెక్కలు వేసి, సారాంశంలోకి వచ్చేసరికి మధ్యది తీసుకుని దాని పక్కన "గరిష్ఠంగా" అని పెట్టేశారు. ఇది కావాలని చేశారో పొరపాటున జరిగిందో నాకు తెలీదు, ఇలాంటివి సారాంశాల్లో తరచూ జరుగుతాయి, అందుకే ప్రతి అంకెనీ వెనక అధ్యాయంలోకి, అనుబంధంలోకి వెళ్ళి సరిచూసుకోవాలి. తేడా కనపడితే మీరే దిద్దేయకండి, నీళ్ళ లెక్క కట్టినవాళ్ళకి పేజీ నంబర్లతో సహా పంపి జవాబు తెప్పించుకోండి, మూల సారాంశం కూడా దిద్దించాలి. లేకపోతే సభలో రెండు కాగితాల్లో రెండు అంకెలు కనపడతాయి, అప్పుడు ఏ కాగితాన్నీ ఎవరూ నమ్మరు.

2.6 మీటర్లు దిగితే ఆ బావిలో మిగిలేది 40 సెంటీమీటర్లు. మోటారు ఫుట్‌వాల్వ్ అడుగు నుంచి అరమీటరు ఎత్తులో ఉందంటే అది నీళ్ళ పైకి తేలిపోతుంది, మోటారు గాలి లాగుతుంది. బావిలో నీళ్ళు ఉన్నట్టే కనపడతాయి గానీ ఇంటికి రావు. ఇది బావి ఉన్నవాళ్ళకి ఒక్క క్షణంలో అర్థమైపోతుంది, జలమట్టం తగ్గుదల శాతాలు ఎన్ని రాసినా అర్థం కాదు. కాబట్టి నేనైతే ఆ భాగం ఇలా రాస్తా:

"గుంత నాలుగో ఏడు నుంచి నీటి మట్టం కంటే కిందకి వెళ్తుంది. అప్పటి నుంచి అందులోకి ఊరే నీళ్ళని కంపెనీ తోడేస్తుంది. దాని వల్ల 500 మీటర్ల లోపల ఉన్న బావుల్లో నీళ్ళు 1.2 నుంచి 2.6 మీటర్ల దాకా దిగుతాయని అంచనా, ఎక్కువగా జరిగే అవకాశం ఉన్నది 1.8. ఎండాకాలం చివర్లో మీ బావిలో 3 మీటర్ల నీళ్ళు ఉంటే, 1.8 దిగితే 1.2 మీటర్లు మిగులుతాయి, 2.6 దిగితే 40 సెంటీమీటర్లే మిగులుతాయి. ఈ పరిధిలో 23 బావులు ఉన్నాయి, జాబితా, మ్యాపు 6వ పేజీలో చూడండి. బావి ఎండిపోతే ట్యాంకరుతో నీళ్ళు ఇస్తామని కంపెనీ చెప్పింది. ఎన్ని రోజుల్లో ఇస్తారు, పొలానికి కూడా ఇస్తారా, ఎన్నేళ్ళు ఇస్తారు అన్నది రిపోర్టులో లేదు."

"రిపోర్టులో లేదు" అన్న ముక్క మీద మీ ఆఫీసులో గొడవ అవుతుంది, ముందే చెబుతున్నా. కానీ అది తీసేస్తే చదివేవాడు ఆ ప్రశ్నకి జవాబు ఎక్కడో ఉందిలే అనుకుంటాడు. లేని దాన్ని మీరు పూరించకూడదు, ఉన్నట్టు కనపడనీయకూడదు. చాలాసార్లు ఆ ముక్క చూసి కంపెనీ వాళ్ళే సభకి ముందు జవాబు రాసి పంపిస్తారు, నాకు రెండుసార్లు అలా జరిగింది, అప్పుడు ఆ జవాబు తేదీతో సహా కలిపేయొచ్చు.

ఇక్కడ మన తెలుగుతో వచ్చే రెండు తంటాలు చెప్పాలి. ఒకటి "బడును". "రోజుకు రెండుసార్లు నీరు చల్లబడును, తగు చర్యలు తీసుకోబడును" అని రాస్తే ఎవరు చల్లుతారు, చల్లకపోతే ఎవర్ని అడగాలి అన్నది మాయమైపోతుంది. "కంపెనీ చల్లుతుంది, చల్లకపోతే ఫలానా ఆఫీసుకి ఫోన్ చెయ్యండి" అని కర్తని పెట్టి రాయండి, కర్త ఎవరో రిపోర్టులో దొరక్కపోతే అది కూడా లేని విషయాల లిస్టులోకి పోతుంది. రెండోది "వచ్చు". "నీళ్ళు తగ్గవచ్చు" అంటే జరిగే అవకాశం ఉందని, "మీరు మాట్లాడవచ్చు" అంటే హక్కు ఉందని, ఒకే "వచ్చు" రెండు పనులు చేస్తోంది. ఒకే పేజీలో రెండూ ఉంటే హక్కు కూడా ఏదో అనుమానంగా, దయతలచి ఇచ్చినట్టు వినపడుతుంది. కాబట్టి అవకాశం చెప్పేటప్పుడు ఎంత, ఎప్పుడు, ఏది జరిగితే అని రాయండి, హక్కు చెప్పేటప్పుడు "మీకు హక్కు ఉంది" అనే రాయండి.

అభ్యంతరాల సంగతికి వద్దాం. మీ డ్రాఫ్ట్‌లో ఇది చివరి పేజీలో, "ప్రజలు తమ అభిప్రాయాలు, సలహాలు, సూచనలు తెలియజేయవచ్చు" అని ఒక లైనులో ఉంది. సలహాలు, సూచనలు అనగానే క్వారీ ఎలాగూ వచ్చేస్తోంది, ఏదైనా మంచి మాట ఉంటే చెప్పండి అన్నట్టు వినపడుతుంది. "అభ్యంతరం" అన్న మాట కచ్చితంగా వెయ్యాలి. కాకపోతే ఆ మాట వినగానే కోర్టు కేసు, లాయరు, స్టాంపు పేపరు అని బెదిరిపోయేవాళ్ళు కూడా ఉంటారు, అందుకని పక్కనే "దీనికి లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద మీ భాషలో రాసి సంతకం పెడితే చాలు" అని రాయండి, అయితే మీ నోటిఫికేషన్ నియమం నిజంగా అలాగే ఉందో లేదో చూసుకున్నాకే రాయండి.

దీన్ని చివరి పేజీ నుంచి తీసుకొచ్చి మొదటి పేజీలో పెట్టండి, ఎందుకంటే సగం మంది మొదటి పేజీయే చూస్తారు. అక్కడ ఏం కట్టబోతున్నారు, ఎక్కడ, ఎంత పెద్దది అన్నది రెండు లైన్లు, తర్వాత సభ ఎప్పుడు ఎక్కడ, రాతగా ఇవ్వడానికి ఆఖరి గడువు, పూర్తి రిపోర్టు ఎక్కడ చూడొచ్చు, ఆఖరికి నిర్ణయం ఎవరిది. గడువు రాసేటప్పుడు "12వ తేదీలోగా" అని రాయకండి. 12వ తేదీ కలుస్తుందా కలవదా అని నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటారు, నా కళ్ళ ముందే ఒకాయన 12న మధ్యాహ్నం కాగితం పట్టుకొస్తే కౌంటర్లో తీసుకోలేదు, ఆయన తప్పేమీ లేదు, నోటీసు రాసినవాళ్ళ తప్పు. "12వ తేదీ శుక్రవారం సాయంత్రం 5 గంటల లోపు ఈ ఆఫీసుకి అందాలి, పోస్టులో వేసిన తేదీ లెక్కలోకి రాదు, ఇచ్చాక రసీదు తీసుకోండి" అని వారంతో సహా రాయండి.

తర్వాత జనం ఎక్కువగా పొరబడే మూడు విషయాలు సూటిగా చెప్పాలి. సభలో ఓటింగ్ ఉండదు, చేతులెత్తించి లెక్కపెట్టరు, ఎక్కువ మంది వద్దన్నంత మాత్రాన ఆగిపోదు, ఎక్కువ మంది కావాలన్నంత మాత్రాన వచ్చేయదు. సభ నడిపే అధికారి అక్కడికక్కడ నిర్ణయం ప్రకటించరు, చెప్పిందంతా రికార్డు చేసి నిర్ణయం తీసుకునే అధికారులకి పంపుతారు. సభకి రాకుండా రాసి ఇచ్చినదాన్ని కూడా రికార్డులో చేరుస్తారు. ఇవి చాలా చోట్ల ఇలాగే ఉంటాయి గానీ వివరాలు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్ నియమాల ప్రకారం రిపోర్టుతో పాటు సాంకేతికం కాని సారాంశం తప్పనిసరి, మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం సారాంశం స్థానిక భాషలో కూడా ఇవ్వాలి, స్పందించడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి. పర్యావరణ విషయాల్లో జనం హక్కుల మీద 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కుదిరిన ఒప్పందంలో ఇంకో ముక్క ఉంది, ఏ దారీ ఇంకా మూసుకుపోకముందే, తొలి దశలోనే జనాన్ని అడగాలి అని. మన దేశం అందులో లేకపోయినా ఆ ముక్క మీకు పనికొస్తుంది, ఎందుకంటే మీ కాగితంలో "ఇప్పటికి ఏం ఖాయమైంది, ఇంకా ఏం మారే వీలుంది" అన్న ఒక పేరా లేదు. పని వేళలు మారొచ్చా, లారీల దారి మారొచ్చా, గుంత లోతు తగ్గొచ్చా, అసలు అనుమతే ఇవ్వకపోవచ్చా? ఈ ఆఖరిది చాలామంది రాయరు, అనుమతి ఇవ్వకపోవడం కూడా అధికారుల చేతిలో ఉన్న నిర్ణయమే అయితే అది రాయాలి.

అభ్యంతరం ఎలా రాయాలో నమూనా పెట్టాలా అని మీకు డౌటు రావచ్చు. నేను పూర్తి నమూనా పెట్టను. పెడితే రెండొందల మంది అదే కాగితం కాపీ చేసి ఇస్తారు, రికార్డులో అదంతా ఒకే అభ్యంతరంగా ఒక లైనులో తేలిపోయే ప్రమాదం ఉంది, పైగా మీరు రిపోర్టు తరఫు మనిషి, ఏం అభ్యంతరం చెప్పాలో మీరు నేర్పకూడదు. దాని బదులు ప్రతి ప్రభావం కింద చిన్న గడి పెట్టి, రిపోర్టులో ఇది ఏ పేజీలో ఉందో రాసి, మనిషి తనకి తెలిసింది నింపుకునేలా ప్రశ్నలు వదలండి. నీళ్ళ కింద అయితే "మీ బావి గుంతకి ఎంత దూరం? ఎండాకాలం చివర్లో ఎన్ని నీళ్ళుంటాయి? 6వ పేజీ జాబితాలో మీ బావి ఉందా?" అని. "మా బావి జాబితాలో లేదు, గుంతకి 300 మీటర్లే" అని ఒక్కరు రాసి ఇచ్చినా దానికి లెక్క కట్టినవాళ్ళు విడిగా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. "మాకు క్వారీ వద్దు" అన్నది కూడా చెల్లే అభ్యంతరమే, అది కూడా రాయండి, కారణం కూడా రాస్తే జవాబు చెప్పక తప్పదని అంతే.

పొడవు సంగతి, మ్యాపుతో కలిపి నాలుగు నుంచి ఆరు పేజీలు సరిపోతుంది. మ్యాపులో క్వారీ మధ్యలో పెట్టి గుండ్రాలు గీస్తారు కదా, ఆ గుండ్రాల మీద ఊళ్ళో అందరికీ తెలిసిన గుర్తులు వెయ్యండి, స్కూలు, చెరువు, బస్సు ఆగే చోటు, లేకపోతే తన ఇల్లు గుండ్రం లోపలుందో బయటుందో ఎవరికీ తెలీదు. కాగితం చివర "దీనికీ మూల రిపోర్టుకీ తేడా ఉంటే మూల రిపోర్టే లెక్క" అని ఒక లైను కావాలి.

అచ్చుకి ఇచ్చేముందు ఒక అయిదారుగురితో చదివించండి, మీ ఆఫీసువాళ్ళతో కాదు, మీరు ఇదివరకు చూపించినవాళ్ళతోనూ కాదు. "అర్థమైందా" అని అడగకండి, ఎవరైనా అయింది అనే అంటారు, కాదంటే తమకే తెలివి లేదనుకుంటారని మొహమాటం. కాగితం తిరిగి తీసేసుకుని మీ ఇంటి దగ్గర ఏం మారుతుంది, ఏ రోజులోపు రాసివ్వాలి, ఆఖరికి నిర్ణయం ఎవరిది అని అడగండి. చదవడం రానివాళ్ళకి ఎవరైనా గట్టిగా చదివి వినిపించి అవే ప్రశ్నలు అడగండి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఈ కాగితం వినపడేదే తప్ప చదివేది కాదు, గట్టిగా చదివితే ఊపిరి అందని వాక్యాలు కూడా అక్కడే బయటపడతాయి. ఇద్దరు ఒకే చోట తప్పు చెబితే ఆ వాక్యం మార్చండి, వాళ్ళకి మళ్ళీ వివరించకండి. నేను ఒకసారి "నీళ్ళు చల్లడం వల్ల దుమ్ము 70 శాతం అదుపులో ఉంటుంది" అని రాస్తే, ఆరుగురిలో నలుగురు "అయితే దుమ్ము ఉండదన్నమాట" అన్నారు. "చల్లినా వంద పాళ్ళలో 30 పాళ్ళ దుమ్ము గాలిలోకి లేస్తుంది, నీళ్ళు చల్లకుండా వదిలేసిన రోజు మొత్తం లేస్తుంది" అని మార్చాక కొత్తగా చదివిన ఆరుగురూ సరిగ్గా చెప్పారు, అందులో ఒకావిడ వెంటనే "చల్లకుండా వదిలేసే రోజులు ఎన్ని ఉంటాయో రాసి ఉందా?" అని అడిగింది. రాసి లేదు. అది కూడా కాగితంలోకి ఎక్కింది.